లూప్ క్లిప్‌ని 118 శాతం చూస్తున్నారు, పెద్ద వీడియోని 37 శాతమే: రెండింటినీ ఒకే లెక్కతో తూస్తారా?

చెక్కపొట్టు

నా ఛానెల్ చెక్క పని మీద. ఈ మధ్య యూట్యూబ్‌లో రెండు పెట్టాను. ఒకటి 22 సెకన్ల నిలువు క్లిప్. రెండు చెక్క ముక్కలు జారి ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి, చివరి ఫ్రేమ్ మొదటి ఫ్రేమ్‌తో అతికేలా కట్ చేశాను కాబట్టి ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో తెలియదు. రెండోది అదే అతుకుని మొదటి నుంచి చివరిదాకా చేసి చూపించే 14 నిమిషాల వీడియో.

క్లిప్ 2 లక్షల వ్యూస్ దాటింది. సగటున 118 శాతం చూస్తున్నారని స్టూడియో చెబుతోంది. Viewed vs swiped away దగ్గర ఆగి చూసినవాళ్ళు 70 శాతం, నెట్టేసినవాళ్ళు 30 అని ఉంది. పెద్ద వీడియోకి ఇంప్రెషన్ల మీద క్లిక్ రేటు 4 శాతం, సగటున చూసేది 5 నిమిషాల 10 సెకన్లు, అంటే 37 శాతం. 900 వ్యూస్ దగ్గర ఆగిపోయింది, రోజుకి పది కూడా పెరగట్లేదు.

నేను అడిగేది ఏంటంటే, 118 వచ్చినదాన్ని పైకి తోసి 37 వచ్చినదాన్ని కిందకి తొక్కుతోందా ఈ సిస్టమ్? పెద్ద వీడియోని ఎంత బాగా తీసినా 100 దాటడం జరగని పని కదా. ఇంకోటి, క్లిప్ అంత ఆడినప్పుడు అదే ఛానెల్‌లో, అదే విషయం మీద ఉన్న పెద్ద వీడియో కొంచెమైనా లేవాలి కదా, ఎందుకు లేవలేదు?

వైరల్ వీరుడు

సింపుల్ బ్రో, రిటెన్షన్. అల్గారిథమ్‌కి తెలిసింది అదొక్కటే. 100 దాటితే తోస్తుంది, 50 లోపు ఉంటే ఆపేస్తుంది. నీ 14 నిమిషాలది కోసి 6 నిమిషాలు చెయ్, శాతం ఆటోమేటిక్‌గా 60కి వెళ్తుంది, చూడు అప్పుడు.

క్లిప్‌లకి ఇంకో ట్రిక్ ఉంది, నేను వాడేది అదే. 7 సెకన్ల క్లిప్ మీద 12 సెకన్లు పట్టే రాత పెట్టు. చదవడం పూర్తి కాకముందే మళ్ళీ మొదలవుతుంది, చూసేవాడు రెండో రౌండ్ కూడా ఉండిపోతాడు. సగటు 170, 180 వస్తుంది.

డేటా కూలీ

వీరుడు గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది, కానీ ఆ సగం క్లిప్‌లకి వర్తించేది. పెద్ద వీడియోకి అదే సూత్రం వాడితే నష్టపోతారు. నేను ఇలాంటి ర్యాంకింగ్ పనిలోనే ఉంటాను (ఏ కంపెనీ అని అడగొద్దు), బయటకి ప్రచురించిన పేపర్లలో ఉన్నంతవరకు చెబుతాను.

మొదట చూడాల్సింది శాతం కాదు, ప్రశ్న. పెద్ద వీడియో విషయంలో సిస్టమ్ ముందు ఉండే పరిస్థితి ఇది: హోమ్ పేజీలో ఈ మనిషికి ఒక జాగా ఉంది, అక్కడ ఏ థంబ్‌నెయిల్ పెట్టాలి? పెట్టాక చాలామంది నొక్కరు. నొక్కినవాళ్ళు కొంతసేపు ఉంటారు. కాబట్టి లెక్క వేసేది చూపించిన ఒక్కో ఇంప్రెషన్‌కి ఎంత చూసే సమయం వస్తుందని. యూట్యూబ్ 2012లో వ్యూస్‌ని వదిలి చూసే సమయం వైపు మారింది, క్లిక్ కోసం మోసం చేసే థంబ్‌నెయిళ్ళు పేజీని నింపేస్తున్నాయని. 2016లో గూగుల్ ఇంజనీర్లు రాసిన పేపర్‌లో ఆ ర్యాంకింగ్ ఎలా నేర్పారో ఉంది: నొక్కిన ప్రతి ఉదాహరణకీ ఎన్ని సెకన్లు చూశారో అంత బరువు ఇస్తారు, నొక్కనివాటికి ఒకటే బరువు. అలా నేర్పిన మోడల్ చివరికి ఊహించేది దాదాపుగా ఒక ఇంప్రెషన్‌కి వచ్చే చూసే సమయమే.

మీ అంకెలే పెట్టి చూద్దాం. 10,000 సార్లు చూపిస్తే 4 శాతం అంటే 400 మంది నొక్కారు, ఒక్కొక్కరు 310 సెకన్లు చూశారు. మొత్తం 1,24,000 సెకన్లు. ఇంప్రెషన్‌కి 12.4 సెకన్లు.

ఇప్పుడు వీరుడు గారి సలహా. 6 నిమిషాలకి కోశారు, శాతం 60కి లేచింది. అంటే ఒక్కొక్కరు 216 సెకన్లు చూశారు. క్లిక్ రేటు అదే 4 అయితే ఇంప్రెషన్‌కి 8.6 సెకన్లు. శాతం పెరిగింది, ఆ జాగా విలువ పడిపోయింది. ఇంకోవైపు, అరుపుల థంబ్‌నెయిల్ పెట్టి క్లిక్ రేటు 8కి తెచ్చారనుకోండి, కానీ జనం 2 నిమిషాలకే వెళ్ళిపోతే 9.6 వస్తుంది. అది కూడా మీ 12.4 కంటే తక్కువే.

కాబట్టి మీ 37 శాతం మిమ్మల్ని తొక్కట్లేదు. 14 నిమిషాల వీడియోకి 5 నిమిషాలు చెడ్డ సంఖ్య కాదు. సమస్య ఎక్కడో చెప్పాలంటే ఆ 4 శాతం ఎవరి మీద వచ్చిందో తెలియాలి, దాని దగ్గరకి తర్వాత వస్తాను. క్లిప్ సంగతి వేరే, అది ఇంకో పోస్ట్‌లో.

కొత్త ఛానెల్

అన్నా, నాది కూడా ఇదే డౌట్. క్లిప్‌కి 118 శాతం వస్తే ఆ చూసిన గంటలన్నీ యాడ్ డబ్బు రావడానికి కావాల్సిన 4000 గంటల్లో కలుస్తాయా? నాకు మొత్తం క్లిప్‌లే ఉన్నాయి, పెద్దవి లేవు.

సుధారాణి ఎడిట్స్

కొత్త ఛానెల్ గారూ, ఇక్కడ అడిగింది అది కాదు గానీ, చెప్పేస్తాను. కలవవు. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4000 గంటల్లోకి రాదు. క్లిప్‌లకి దారి వేరు, 1000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు 90 రోజుల్లో కోటి వ్యూస్.

అయితే ఆ మాట వచ్చింది కాబట్టి చెక్కపొట్టు గారికి ఒకటి. మీ 2 లక్షలు ఏ 2 లక్షలు? 2025 మార్చి 31 నుంచి షార్ట్స్‌లో క్లిప్ మొదలైతే చాలు వ్యూ కింద లెక్కేస్తున్నారు, మళ్ళీ తిరిగితే అదీ వ్యూనే. పాత పద్ధతి లెక్క Engaged views పేరుతో స్టూడియోలో విడిగా ఉంది, డబ్బుకీ ప్రోగ్రామ్ అర్హతకీ చూసేది దాన్నే. లూప్ బాగా కుదిరిన క్లిప్‌కి ఈ రెండు అంకెల మధ్య తేడా ఎక్కువ ఉంటుంది. నా ఎడిటింగ్ క్లయింట్లు మొదటి అంకె చూసి మురిసిపోతారు, రెండోది చూపిస్తే మొహం మాడ్చుకుంటారు.

చెక్కపొట్టు

చూశాను, 1,31,000 ఉంది. అయినా 900తో పోలిస్తే చాలా ఎక్కువే. కూలీ గారూ, క్లిప్ లెక్క చెప్పండి.

డేటా కూలీ

క్లిప్ ఫీడ్‌లో నొక్కడం అనేదే లేదు. మీరు ఎంచుకోలేదు, వచ్చి ఆడుతోంది. కాబట్టి 'చూశారా లేదా' అనే మొదటి ప్రశ్నకి అర్థమే మారిపోతుంది. పెద్ద వీడియో దగ్గర నొక్కకపోవడం చాలా బలహీనమైన సమాచారం, అసలు ఆ థంబ్‌నెయిల్ మీద చూపు పడిందో లేదో కూడా తెలియదు. ఫోన్ తెర పైభాగంలో ఉన్నవాటిని ఎక్కువ నొక్కుతారు, కేవలం పైన ఉన్నందుకే. ఆ పక్షపాతాన్ని విడదీయడానికే మోడల్‌లో ప్రత్యేకంగా ఒక చిన్న భాగం పెట్టామని యూట్యూబ్ వాళ్ళు 2019 పేపర్‌లో రాశారు. క్లిప్ ఫీడ్‌లో ఆ గొడవ లేదు. తెర నిండా ఒకటే ఉంది, మనిషి దాన్ని చూశాడు, రెండో సెకనులో వేలితో నెట్టేశాడు. 'ఇది నాకొద్దు' అని అంత స్పష్టంగా చెప్పే సంకేతం పెద్ద వీడియోల పేజీలో దొరకదు.

అందుకే మీ 70, 30 అనే అంకె 118 కంటే ముఖ్యం. ముందు ఆగారా, ఆగాక ఎంతసేపున్నారు, ఉన్నాక ఏమైనా చేశారా, ఈ మూడూ విడివిడి ఊహలు. న్యూయార్క్ టైమ్స్ 2021 డిసెంబర్‌లో టిక్‌టాక్ లోపలి పత్రం ఒకదాని గురించి రాసింది, అందులో స్కోరుని సరళం చేసి ఇలా చూపించారు:

```
Plike x Vlike + Pcomment x Vcomment
  + Eplaytime x Vplaytime + Pplay x Vplay
```

P అంటే ఆ పని చేసే అవకాశం ఎంత, E అంటే ఎంతసేపు ఆడుతుందని అంచనా, V అంటే కంపెనీ ఆ పనికి ఎంత విలువ కడుతుందో ఆ అంకె. అసలు సూత్రం ఇంకా చాలా పెద్దదని అందులోనే ఉంది. మనకి కావాల్సింది ఆకారం: ఊహలన్నీ ఈ ఒక్క మనిషి గురించి, మీ క్లిప్ సగటు గురించి కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. క్లిప్‌ల మధ్య పోలిక ఎలా చేయాలి? సెకన్లతో పోలిస్తే పొడుగువి గెలుస్తాయి, ఎందుకంటే 60 సెకన్ల క్లిప్‌ని సగంలో వదిలేసినా 30 సెకన్లు, 15 సెకన్లది పూర్తిగా నచ్చి చూసినా 15. శాతంతో పోలిస్తే పొట్టివి గెలుస్తాయి, 7 సెకన్ల క్లిప్ ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపే అయిపోతుంది. రెండిట్లో ఏది తీసుకున్నా, సిస్టమ్ నేర్చుకునేది జనానికి ఏది నచ్చిందని కాదు, ఏది ఎంత పొడుగుందని.

క్వాయ్‌షో అనే క్లిప్‌ల యాప్ వాళ్ళు 2022లో దీని మీదే ఒక పేపర్ రాశారు. వాళ్ళ పద్ధతి నాకు నచ్చింది, ఎందుకంటే చాలా మొరటుగా, తెలివిగా ఉంటుంది. క్లిప్‌లని నిడివిని బట్టి గుంపులు చేస్తారు. ఒక గుంపులో ఉన్నవాటిని ఆ గుంపుతోనే పోలుస్తారు. 15 సెకన్ల గుంపులో సగంమంది 14 సెకన్లు చూస్తారనుకోండి, అప్పుడు మీ 15 సెకన్ల క్లిప్‌ని ఒకరు పూర్తిగా చూడటం పెద్ద గొప్ప కాదు, మధ్యలో ఎక్కడో ఉన్నట్టు. 60 సెకన్ల గుంపులో సగంమంది 18కే పోతారనుకోండి, అక్కడ 30 సెకన్లు ఉంచగలిగితే మీరు పై వరుసలో ఉన్నట్టు. మోడల్ ఊహించేది ఆ వరుసలో స్థానాన్ని. ఈ 14, 18 నేను ఉదాహరణకి వేసుకున్నవి, పేపర్‌లోవి కావు. యూట్యూబ్ ఇదే పద్ధతి వాడుతుందని నేను అనట్లేదు, కానీ నిడివి తేడాని ఏదోరకంగా సరిచేయకుండా క్లిప్‌ల ఫీడ్ నడపడం కష్టం, నడిపితే ఫీడ్ మొత్తం ఒకే పొడుగుకి వచ్చేస్తుంది.

కాబట్టి చెక్కపొట్టు గారూ, మీ 118ని 37తో కాదు, 22 సెకన్ల చుట్టుపక్కల లూప్‌లు ఎంత తెచ్చుకుంటాయో దానితో పోల్చుకోవాలి. ఆ పొడుగులో 100 దాటడం అంత అరుదేం కాదు.

వైరల్ వీరుడు

అంటే నా 170 వేస్టా? అదే గుంపులో పోల్చినా 7 సెకన్లవాటిలో నాదే పైన ఉండాలిగా. మరి నా క్లిప్‌లు మొదట కొన్ని వేలు పరిగెత్తి టక్కున ఆగిపోతాయి, అది మాత్రం ఎందుకో తెలియట్లేదు. షాడో బ్యాన్ అనుకుంటున్నా.

సుధారాణి ఎడిట్స్

షాడో బ్యాన్ కాదు వీరూ, నీ రాత ట్రిక్. రెండో రౌండ్ చూసినవాడు ఇష్టపడి చూడలేదు, చదవడం అవ్వక ఉండిపోయాడు. చదివాక లైక్ కొట్టడు, ఎవరికీ పంపడు, నీ తర్వాతి క్లిప్ వస్తే మొదటి సెకనులోనే నెట్టేస్తాడు. ఆ చివరిదే నిన్ను ముంచుతుంది.

డేటా కూలీ

సుధారాణి గారు సరిగ్గా పట్టుకున్నారు. కొంచెం చేరుస్తాను. లూప్ అనేది చాలా మసక సంకేతం. రెండోసారి ఆడటానికి కారణాలు చాలా ఉంటాయి: నచ్చింది, అర్థం కాలేదు, చదవడం అవ్వలేదు, కామెంట్లు తెరిచి అక్కడే ఉన్నాడు, ఫోన్ టేబుల్ మీద పెట్టి తలుపు తీయడానికి వెళ్ళాడు. చివరి రకం ఒక్కడు వచ్చి మీ 22 సెకన్ల క్లిప్‌ని 40 సార్లు ఆడించాడంటే సగటుని పాడుచేస్తాడు. అందుకే ఈ రంగంలో మామూలుగా చేసే పని, ఒక మనిషి నుంచి లెక్కలోకి తీసుకునే చూసే సమయానికి పై హద్దు పెట్టడం. ఒక స్థాయి దాటాక ఎన్ని రౌండ్లు తిరిగినా అదనంగా ఏమీ రాదు.

మీ లూప్ ఏ రకమో తెలుసుకోవాలంటే రిటెన్షన్ గ్రాఫ్ చూడండి. మొదటి రౌండ్ చివర్లో గీత పెద్దగా పడకుండా ఉంటే జనం కోరుకుని ఉన్నట్టు. మొదటి మూడు సెకన్లలో గీత 130, 140 దగ్గర మొదలై తర్వాత జారిపోతూ ఉంటే, మళ్ళీ మొదలైందని తెలియగానే నెట్టేస్తున్నారని అర్థం. ఆ రెండో రకంలో కూడా సగటు 100 దాటుతుంది, అక్కడే మోసపోతాం. దాని పక్కనే ఆ క్లిప్‌ని ఎంతమంది పంపుకున్నారో, సబ్‌స్క్రైబ్ చేశారో పెట్టి చూస్తే తేలిపోతుంది.

వీరుడు గారి క్లిప్‌లు టక్కున ఆగడానికి బహుశా ఇదే కారణం. కొత్త క్లిప్‌ని మొదట కొంతమందికి చూపించి చూస్తారు, అక్కడ వచ్చిన సంకేతాల్ని బట్టి కొంచెం వేరే జనానికి వెళ్తుంది. దగ్గరి జనం ట్రిక్‌కి ఆగుతారు, దూరం జనం ఆగరు.

గిటార్ పాఠాలు

నా కేసు చెబుతాను, మీకు పనికిరావచ్చు. నేను 20 నిమిషాల పాఠాలు పెడతాను. ఒక ఎడిటర్ సలహాతో ఆ పాఠాల నుంచే ముక్కలు కోసి నిలువు క్లిప్‌లు పెట్టడం మొదలెట్టాను, అదీ సరిగ్గా అసలు మెళకువ చెప్పబోయే ముందు కట్ చేసి, 'మిగతాది పూర్తి వీడియోలో' అని. కింద రిలేటెడ్ వీడియో లింకు పెట్టాను, మామూలు లింకులు షార్ట్స్ కామెంట్లలో 2023 నుంచి నొక్కినా పనిచేయవు కదా.

క్లిప్‌లు బాగానే ఆడాయి. లింకు నొక్కి వచ్చినవాళ్ళూ ఉన్నారు. కానీ వచ్చినవాళ్ళు 40 సెకన్లకే పోతున్నారు. పెద్ద వీడియో సగటు 7 నిమిషాల నుంచి 4కి పడిపోయింది. క్లిప్‌లు నా ఛానెల్‌ని చంపేశాయని ఫిక్స్ అయిపోయి అన్నీ తీసేశాను. తీసేసినా పెద్దవాటి వ్యూస్ పెరగలేదు, అది వేరే సంగతి.

డేటా కూలీ

గిటార్ గారూ, ఆ 7 నుంచి 4కి పడటం అంటే మీ పాత ప్రేక్షకులు తక్కువ చూడటం మొదలెట్టారని కాదు. రెండు రకాల జనాన్ని ఒకే సగటులో కలిపేశారు. ట్రాఫిక్ సోర్స్ వారీగా విడదీసి చూస్తే, Browse features, అంటే హోమ్ పేజీ లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్ళు బహుశా ఇప్పటికీ 7 నిమిషాలే చూస్తూ ఉంటారు, షార్ట్స్ నుంచి వచ్చినవాళ్ళు 40 సెకన్లు. ర్యాంకింగ్ కూడా ఒక్కో మనిషి గురించే ఊహిస్తుంది కాబట్టి, క్లిప్‌ల జనం పారిపోయినంత మాత్రాన పాఠాలు నేర్చుకునే మనిషికి మీ వీడియో చూపించడం ఆపాల్సిన పని దానికి లేదు. తీసేశాక ఏమీ మారకపోవడం కూడా దీనికి సరిపోతోంది.

మీ కట్ గురించి ఇంకో మాట. అసలు విషయానికి ముందు ఆపేస్తే చూసేవాడు చివరిదాకా ఉంటాడు, కానీ మోసపోయాననుకుంటాడు. లూప్ అయితే మరీ ఘోరం, జవాబు రాకుండా మళ్ళీ ప్రశ్నే మొదలవుతుంది.

సుధారాణి ఎడిట్స్

ఇక్కడ నేను మీతో ఏకీభవించను. 'ఒక్కో మనిషి గురించే ఊహిస్తుంది' అనేది కాగితం మీద బాగుంటుంది. నేను ఎడిట్ చేసే ఒక ఛానెల్‌కి క్లిప్‌ల వల్ల బోలెడుమంది సబ్‌స్క్రైబర్లు వచ్చారు. తర్వాత పెట్టిన ప్రతి పెద్ద వీడియోకి మొదటి రోజు క్లిక్ రేటు పాతదాంట్లో సగమే ఉంటోంది. ఎందుకంటే మొదట చూపించేది సబ్‌స్క్రైబర్లకే, వాళ్ళలో సగానికి పైగా క్లిప్‌ల కోసం వచ్చినవాళ్ళు, నొక్కరు. ఆ మొదటి రోజు చెడ్డగా ఉంటే వీడియో బయటకి పోదు. ఇది నేను కళ్ళతో చూస్తున్నది.

డేటా కూలీ

చూస్తున్నది నిజమే, కారణం అదేనా అన్నదే నాకు అనుమానం. సబ్‌స్క్రైబ్ చేయడం ఎన్నో సంకేతాల్లో ఒకటి. క్లిప్‌లు తప్ప పెద్ద వీడియో ఒక్కటీ చూడని మనిషికి హోమ్ పేజీలో మీ పెద్ద వీడియో పెట్టి ఇంప్రెషన్ వృథా చేసుకోవడం సిస్టమ్‌కే నష్టం, ఆ తేడాని అది తొందరగానే నేర్చుకుంటుంది. కానీ కొత్త వీడియో మొదటి గంటల్లో, ఇంకా ఎవరి గురించీ ఏమీ తెలియనప్పుడు మీరు చెప్పింది కొంతవరకు జరగొచ్చు. కాదని చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు.

చూడాలంటే ఒకటి చేయొచ్చు. ఆ క్లిక్ రేటుని మొదటి రోజుది కాకుండా నెల తర్వాత, అదీ Browse features వరకే తీసి పాత వీడియోలతో పోల్చండి. అప్పటికి సమానం అయిపోతే మొదటి రోజు కుదుపు మాత్రమే. అప్పుడూ సగమే ఉంటే మీ మాటే ఎక్కువ నిజం.

సుధారాణి ఎడిట్స్

రెండు వీడియోలకి చూశాను ఇప్పుడే. ఒకటి కోలుకుంది, ఒకటి కోలుకోలేదు. ఇద్దరికీ సగం సగం.

చెక్కపొట్టు

కూలీ గారూ, నా రెండో ప్రశ్న మిగిలింది. లక్షమందికి పైగా ఆ చెక్క అతుకు చూసి ఆగారు కదా. వాళ్ళకి చెక్క పని ఇష్టమని తెలిసిపోయినట్టేగా, మరి పెద్ద వీడియో వాళ్ళ హోమ్ పేజీకి ఎందుకు వెళ్ళదు?

డేటా కూలీ

వాళ్ళకి చెక్క పని ఇష్టమని తెలియలేదు. 22 సెకన్లపాటు ఏదో సరిగ్గా బిగుసుకోవడం చూడటం ఇష్టమని తెలిసింది. ఆ మనిషి తర్వాత చూసిన క్లిప్ సబ్బు కోయడమో, తాళం చెవి తయారుచేయడమో అయ్యుండొచ్చు. 14 నిమిషాలు కూర్చుని ఉలి పట్టుకునే కోణం నేర్చుకునే మనిషి వేరు. ఇద్దరూ ఒకరే అయిన సందర్భాలు ఉంటాయి, కానీ తక్కువ.

ఇంకో తేడా చెప్పాలి, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది ఇదే. ఒక మనిషి పది నిమిషాలు క్లిప్‌లు చూస్తే సుమారు 30 తీర్పులు ఇస్తాడు, ఆగాడు, నెట్టాడు, ఆగాడు, నెట్టాడు అని. అదే పది నిమిషాలు మీ పెద్ద వీడియో చూస్తే ఒక్క తీర్పు, అదీ ఇంకా పూర్తి కాలేదు. కాబట్టి క్లిప్‌ల సిస్టమ్ ఒక్క సాయంత్రంలో కొత్త మనిషిని చదివేస్తుంది, కొత్త క్లిప్‌ని కూడా అంతే వేగంగా పరీక్షించి తేల్చేస్తుంది. టిక్‌టాక్ వెనుక ఉన్న బైట్‌డాన్స్ 2022లో ప్రచురించిన మోనోలిత్ పేపర్ చూస్తే వాళ్ళ తాపత్రయంలో పెద్ద భాగం ఇక్కడే. జనం చేసిన పనిని మోడల్‌లోకి తిరిగి నిమిషాల్లో చేర్చడం ఎలా అని. తీర్పు ఒక్కొక్కటీ చవక, తప్పులతడక, కానీ కుప్పలుగా వస్తుంది. పెద్ద వీడియో దగ్గర తీర్పులు తక్కువ కాబట్టి, సెర్చ్‌లో ఏం వెతికారు, ఇంతకుముందు ఏ ఛానెల్‌ని గంటలకొద్దీ చూశారు, ఏ వీడియో తర్వాత ఏది చూశారు, ఇలాంటి పాత చరిత్ర మీద ఎక్కువ ఆధారపడాలి. అది కూడడానికి వారాలు పడుతుంది.

మీ గ్రాఫ్‌లు కూడా ఇలాగే ఉంటాయని నా ఊహ. క్లిప్ గీత నిటారుగా లేచి చదునైపోయి ఉంటుంది. పెద్దది పాక్కుంటూ ఉంటుంది, కానీ సెర్చ్ నుంచి రోజూ ఎవరో ఒకరు వస్తూ ఉంటే అది చావదు. పెద్ద వీడియో ట్రాఫిక్ సోర్సులు పెట్టండి ఒకసారి.

చెక్కపొట్టు

నిజమే, క్లిప్ గీత మీరన్నట్టే ఉంది. పెద్దదానికి ఇంప్రెషన్లలో ఎక్కువ భాగం Browse, అక్కడ క్లిక్ రేటు 2.6. సెర్చ్ నుంచి తక్కువ ఇంప్రెషన్లు, కానీ అక్కడ 9 శాతం ఉంది, సగటు చూసే సమయం కూడా 7 నిమిషాల పైనే. షార్ట్స్ నుంచి వచ్చినవి 60 వ్యూస్, వాళ్ళు నిమిషం లోపే పోయారు.

డేటా కూలీ

అదిగో, జవాబు మీ దగ్గరే ఉంది. వెతుక్కుని వచ్చినవాళ్ళకి వీడియో బాగా పనిచేస్తోంది, 9 శాతం మీద 7 నిమిషాలంటే ఇంప్రెషన్‌కి దాదాపు 38 సెకన్లు. హోమ్ పేజీలో ఊరికే కనబడినవాళ్ళకి మాత్రం థంబ్‌నెయిల్ ఏమీ చెప్పట్లేదు. మీ థంబ్‌నెయిల్ క్లిప్‌లోని చివరి ఫ్రేమేనా? బిగుసుకున్న అతుకు?

చెక్కపొట్టు

అదే. క్లిప్ ఆడింది కదా అని అదే ఫ్రేమ్ పెట్టాను.

డేటా కూలీ

మార్చండి. క్లిప్‌లో ఆ దృశ్యం పనిచేసింది కదలిక వల్ల, పైగా అక్కడ ఎవరూ ఎంచుకోనక్కర్లేదు. నిశ్చలంగా పెడితే అది ఒక చెక్క ముక్క ఫోటో. అతుకు సరిగ్గా కుదరక సందు కనిపిస్తున్నదొకటి, కుదిరినదొకటి పక్కపక్కన పెడితే, ఆ సందుతో వేగుతున్నవాడు నొక్కుతాడు. క్లిప్‌ని మాత్రం ముట్టుకోకండి, దాని దారి దానిది.

సుధారాణి ఎడిట్స్

ఇంతా చెప్పారు, మరి మధ్యలో ఉన్నవాటి సంగతేంటి? 2024 అక్టోబర్ 15 నుంచి 3 నిమిషాల వరకు నిలువుగా ఉన్నవన్నీ షార్ట్స్ కిందే పోతున్నాయి. నా క్లయింట్‌వి 2 నిమిషాల 40 సెకన్లవి ఉన్నాయి. నొక్కి రారు కాబట్టి క్లిప్, ఎవరూ లూప్ చేసి చూడరు కాబట్టి పెద్ద వీడియో. గుంపులుగా పోల్చినా ఆ పొడుగు గుంపులో ఎక్కువగా ఉండేవి పెద్ద వీడియోని నిలువుగా కోసి పెట్టినవే, వాటితో పోలిస్తే ఎవరికైనా మంచి స్థానం వస్తుంది. కానీ వ్యూస్ రావట్లేదు.

వైరల్ వీరుడు

60 లోపు ఉంచమని చెప్పు మేడమ్, 3 నిమిషాలవి ఎవడూ చూడడు.

డేటా కూలీ

చూడరని కాదు. గుంపులో మంచి స్థానం వచ్చినా, మొదటి రెండు సెకన్లలో నెట్టేసేవాళ్ళు ఎక్కువైతే ఆ స్థానానికి చేరేదెవరు? ఆ పొడుగు క్లిప్‌లు చాలావరకు పెద్ద వీడియోలా నిదానంగా మొదలవుతాయి, నా అనుమానం అక్కడే. కానీ అది మీ క్లయింట్ విషయంలో నిజమో కాదో అంకెలు లేకుండా చెప్పలేను. ఆ 2:40 క్లిప్ Viewed vs swiped away ఎంతుందో, ఆగినవాళ్ళ గీత ఎక్కడ విరుగుతోందో పెట్టండి, 20వ సెకను దగ్గరా లేక నిమిషం దాటాకా.

సుధారాణి ఎడిట్స్

48, 52. ఆగినవాళ్ళు మాత్రం నిమిషంన్నర దాకా కదలట్లేదు. స్క్రీన్‌షాట్ క్లయింట్‌ని అడిగి రేపు పెడతాను.